హారతికి నార్మల్

మణిదీప్ పొట్టిగా ఉన్నాడన్న సంగతి ఇంట్లో అందరికీ ఎప్పుడో తెలుసు. తాతగారు జగన్నాథరావుకి మాత్రం అది పెనుగొండలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర తెలిసింది. ఎదురు వరసలో కూర్చున్న పెద్దమనిషి ఒకాయన పప్పులో నెయ్యి వేయించుకుంటూ, "బాబు ఐదో క్లాసాండీ?" అని అడిగాడు. మణిదీప్ ఎనిమిదో క్లాసులోకి వచ్చాడు. వాడు విస్తరిలోంచి తల ఎత్తలేదు. ఆ పెద్దమనిషి అంతటితో ఊరుకోకుండా, వాడి పక్కన కూర్చున్న చెల్లెలు హారతిని చూసి, "ఈ బుజ్జమ్మ ఒకటో క్లాసేమో," అన్నాడు.

"నాకు పదేళ్ళు," అంది హారతి గారె కొరుకుతూ.

చుట్టూ ఉన్నవాళ్ళంతా ముద్దుగా నవ్వారు. జగన్నాథరావు కూడా నవ్వాడు. మనవడి సంగతి గుర్తొచ్చాక మాత్రం ఆయనకి మజ్జిగ కూడా సయించలేదు.

అది రెండువేల ఐదు వేసవి. జగన్నాథరావుకి కడియంలో నర్సరీ ఉంది. కొడుకు బుల్లిరాజు మొక్కల లారీల వెంట నాగపూరనీ భోపాలనీ తిరుగుతూ నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. తన భార్య పోయాక ఇంట్లో పెద్ద నిర్ణయాలన్నీ జగన్నాథరావే చేస్తున్నాడు. చిన్నవి కూడా ఆయనే చేస్తాడు. కోడలు సత్యశ్రీ ఆయన ఎదుట గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు.

పెళ్ళి నుంచి వచ్చాక ఆయన రాజమండ్రిలో మందుల షాపు నడిపే సత్తియ్యని అడిగాడు. సత్తియ్యకి ఈ విషయం కొంత తెలుసు.

"పిల్లలు ఎదగడానికి ఒళ్ళో ఒక హార్మోన్ ఉంటుందండి. అది సరిగ్గా ఉందో లేదో రక్తంలో చూస్తారు. తక్కువుంటే ఇంజెక్షన్లున్నాయి. ఖరీదనుకోండి."

"ఖరీదు సంగతి నాకొదిలెయ్. అవసరమైతే వేమగిరి వైపున్న ఎకరం అమ్మేస్తాను," అన్నాడు జగన్నాథరావు. ఇంటికొచ్చి కోడలి దగ్గరా అదే మాట అన్నాడు.

వెంటనే వెళ్దామనుకుంటే మణిదీప్‌కి టైఫాయిడ్ తగిలింది. మూడు వారాలు జావ, ఇడ్లీ, గ్లూకోజు నీళ్ళు. వాడు అసలే బక్కపలచటి మనిషి, లేచేసరికి లాగు నడుం మీద నిలవడం మానేసింది. జ్వరం తగ్గి కాస్త నడవగలుగుతున్నాడనగానే జగన్నాథరావు వాణ్ణి కారెక్కించాడు. స్కూళ్ళు ఇంకా తెరవలేదు కాబట్టి హారతి కూడా ఎక్కింది. దాన్ని ఎవరూ రమ్మనలేదు, వద్దని కూడా అనలేదు.

లాబ్‌లో సూది చూడగానే మణిదీప్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బతిమాలారు. బెదిరించారు. ఐస్‌క్రీమన్నారు. పనవలేదు.

"అది తీయించుకుంటే నేనూ తీయించుకుంటాను," అన్నాడు చివరికి చెల్లెల్ని చూపించి. అది ఒప్పుకోదని వాడి ధైర్యం.

హారతి అప్పటికే కుర్చీ ఎక్కి చెయ్యి చాపి కూర్చుంది. "నాకు ముందు," అంది.

"ఇద్దరికీ ఒకటే పరీక్ష చేసెయ్యండి," అన్నాడు జగన్నాథరావు. ఒకరికి చేయించి ఇంకొకరికి చేయించకపోవడం ఆయన పద్ధతి కాదు, ముఖ్యంగా దానివల్ల వాడు కూడా సూదికి ఒప్పుకుంటున్నప్పుడు.

లాబ్ మనిషి ఇద్దరి వయసూ రాసుకున్నాడు. పరీక్ష పేరు ఐజీఎఫ్ వన్ అన్నాడు. అది రాజమండ్రిలో చెయ్యరు, రక్తంలోంచి సీరం వేరుచేసి ఐసులో పెట్టి ముంబై పంపిస్తారు. జగన్నాథరావుకి ఆ మాట నచ్చింది. ముంబైలో చేసే పరీక్షకి తిరుగుండదనుకున్నాడు.

రిపోర్టులు వచ్చాయి. మణిదీప్‌కి తొంభై రెండు. పదమూడేళ్ళ మగపిల్లలకి ఉండాల్సిన అంకెలు పక్కన అచ్చువేసి ఉన్నాయి. తొంభై రెండు వాటిలో అన్నిటికంటే కింది అంకెకి కూడా చాలా దిగువన ఉంది. పక్కన కిందికి చూపించే బాణం గుర్తు వేశారు. హారతికి నూట అరవై ఎనిమిది. పదేళ్ళ ఆడపిల్లలకి ఉండాల్సిన అంకెల మధ్యలో హాయిగా ఉంది. బాణం లేదు.

"చెప్పానా," అన్నాడు జగన్నాథరావు కోడలితో. ఆయన ఏం చెప్పాడో సత్యశ్రీకి గుర్తు రాలేదు గాని తల ఊపింది. "పాపకి నార్మల్. మణికే ఉంది లోపం."

ఇంజెక్షన్ కావాలంటే డాక్టరు చీటీ ఉండాలని సత్తియ్య అన్నాడు. పిల్లల ఎదుగుదల జబ్బులు చూసే డాక్టరు ప్రిస్కిల్లాగారు దానవాయిపేటలో కొత్తగా క్లినిక్ పెట్టారని కూడా చెప్పాడు. జగన్నాథరావు మళ్ళీ ఇద్దర్నీ కారెక్కించాడు. హారతికి రాజమండ్రి అలవాటైపోయింది.

డాక్టరు ప్రిస్కిల్లాకి నలభై లోపే ఉంటాయి. తెల్లటి నేత చీర, మెడలో సన్నటి గొలుసుకి చిన్న శిలువ. ఆమె రిపోర్టు చూసింది, బల్ల మీద పెట్టింది, లేచి మణిదీప్‌ని గోడకి బిగించిన కొలబద్ద దగ్గర నిలబెట్టింది. మడమలు ఆనించమంది. తల తిన్నగా పెట్టించి, మీద చెక్కపలక దించి చూసింది. పక్కకి రమ్మని, మళ్ళీ నిలబెట్టి చూసింది.

"కొలవడానికి కాదండీ వచ్చింది," అన్నాడు జగన్నాథరావు. "అది ముంబైలో కొలిచేశారు. ఇంజెక్షన్ రాస్తారని వచ్చాం."

"ఆయ్, రాయాల్సి వస్తే రాస్తానండి. పాపని కూడా రమ్మనండి."

"పాపకి నార్మలండి. కాగితంలో ఉంది."

"ఉందండి, చూశాను. రామ్మా."

హారతి చెప్పులు విప్పి పరుగెత్తుకెళ్ళి నిలబడింది. డాక్టరు దాన్ని రెండుసార్లు కాదు, మూడుసార్లు కొలిచింది. తర్వాత ఏ వయసుకి ఎంత ఎత్తుండాలో గీతలు వేసిన గ్రాఫు కాగితాలు రెండు తీసి ఒక్కోదాని మీద చుక్క పెట్టింది. మణిదీప్ చుక్క అన్నిటికంటే కింది గీత మీద పడింది. హారతి చుక్క ఆ గీతకి కింద, తెల్లకాగితం మీద పడింది. జగన్నాథరావు ఆ రెండో చుక్కని చూడలేదు. ఆయన చూపు మొదటిదాని మీదే ఉంది.

"వీడికి ఈ మధ్య ఒంట్లో ఏమైనా బాగుండలేదాండీ?"

"టైఫాయిడ్ వచ్చి తగ్గిందండి. దానికీ దీనికీ ఏంటండి?"

"చాలా ఉందండి," అంది డాక్టరు. "గ్రోత్ హార్మోన్ రోజంతా ఒకేలా రాదు. ఎక్కువగా నిద్రలో, ఉండుండి వస్తుంది. పగలు రక్తం తీస్తే దిట్టంగా ఎదిగే పిల్లాడిలో కూడా దాదాపు ఏమీ కనపడకపోవచ్చు. అందుకని దాన్ని నేరుగా కొలవరు. ఆ హార్మోన్ వల్ల లివర్ ఇంకోటి తయారుచేస్తుంది, అదే ఈ ఐజీఎఫ్. ఇది పొద్దున్నా సాయంత్రం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అందుకని దీన్ని చూస్తారు."

"అదే అంటున్నానండి నేనూ. అది తక్కువుంది."

"తక్కువుంది. ఎందుకు తక్కువుందో మాత్రం ఈ కాగితం చెప్పదు. తిండి సరిగ్గా లేకపోతే తగ్గుతుంది. పెద్ద జ్వరం వస్తే తగ్గుతుంది. థైరాయిడ్ బాగుండకపోతే తగ్గుతుంది. మీవాడు మూడు వారాలు జావ తాగి వెళ్ళి రక్తం ఇచ్చాడు."

జగన్నాథరావు మణిదీప్ వైపు చూశాడు, జావ తాగింది వాడి తప్పన్నట్టు.

"ఇంకోటండి," అంది డాక్టరు. "యుక్తవయసు మొదలయ్యాక ఈ అంకె ఒక్కసారిగా పెరుగుతుంది. పదమూడేళ్ళ మగపిల్లల్లో చాలామందికి అప్పటికే మొదలై ఉంటుంది. మీవాడికి మొదలవలేదు. లాబ్ వాళ్ళు పుట్టినరోజు చూసి పోల్చారు, పిల్లాణ్ణి చూడలేదు కదా."

"అంటే ముంబై వాళ్ళు తప్పు చేశారంటారా?"

"అబ్బే, అంకె తప్పని నేననను. దాంతో మీరు జబ్బు తేల్చేశారు, అది తప్పంటున్నాను."

ఈ మాట జగన్నాథరావుకి నచ్చలేదు. మణిదీప్ ఎడమచెయ్యి ఎక్స్‌రే తీయించమని చీటీ రాస్తే ఇంకా నచ్చలేదు. పొడుగు తక్కువైతే చెయ్యి ఎందుకు తీయిస్తారని అడిగాడు. ఎముకలు ఎంత ముదిరాయో చేతిలో బాగా తెలుస్తుందని ఆమె చెప్పింది. కింద వీధిలోనే తీశారు. ఫిలిం వెలుతురుకి పెట్టి చూసి, వాడి ఎముకల వయసు పదిన్నర దగ్గరుందంది డాక్టరు.

"వీళ్ళ నాన్నగారు ఎప్పుడు ఎదిగారండి?"

జగన్నాథరావు ఆలోచించాడు. బుల్లిరాజు పదో తరగతి ఫోటోలో ముందు వరసలో కింద కూర్చున్నాడు. ఇంటర్ రెండో ఏడు వచ్చేసరికి తలుపు కమ్మి తలకి తగలడం మొదలైంది. ఆ ఏడాది వాడికి రెండుసార్లు ప్యాంట్లు కుట్టించాల్సి వచ్చిందని జగన్నాథరావుకి బాగానే గుర్తుంది. చెప్పడం మాత్రం ఇష్టం లేకపోయింది.

"కొంచెం ఆలస్యంగానేనండి," అన్నాడు.

"అయితే వీడూ ఆలస్యంగా ఎదిగే రకం కావచ్చు. బాగా తిననివ్వండి. ఆర్నెల్లకోసారి నేను కొలుస్తాను. ఎదుగుదల నెమ్మదిగా ఉండి, అంకె కూడా లేవకపోతే అప్పుడు వేరే పరీక్ష ఉంది, మందు ఇచ్చి హార్మోన్ వస్తుందో రాదో గంటగంటకీ రక్తం తీసి చూస్తాం. ఇప్పుడే ఇంజెక్షన్ రాయను. థైరాయిడ్ మాత్రం ఇద్దరికీ చూద్దాం."

"ఇద్దరికీ ఎందుకండీ?"

ఆమె హారతిని దగ్గరికి పిలిచి జుట్టు పైకెత్తి మెడ వెనక చూస్తోంది. చేతులు రెండూ కిందికి చాపించి మోచేతుల దగ్గర చూసింది. నోరు తెరిపించింది.

"దీనికి చెవి పోట్లు వస్తూంటాయాండీ?"

"వానాకాలం వస్తే చెవి కారుతుందండి. చిన్నప్పట్నుంచీ ఉంది."

"బట్టలు ఎంతకాలానికి పొట్టయిపోతాయి?"

"దీనికా?" జగన్నాథరావు మొదటిసారి నవ్వాడు. "రెండేళ్ళ కిందట కుట్టించిన పరికిణీలే ఇప్పటికీ వేసుకుంటుందండి. అచ్చం దానికోసమే కుట్టినట్టుంటాయి. పొదుపు మనిషి."

డాక్టరు నవ్వలేదు. రాస్తున్నది ఆపి హారతి పరికిణీ అంచు వైపు చూసింది.

"వచ్చేసారి వీళ్ళమ్మగారిని తీసుకురండి. తొందరగా రండి. అబ్బాయి కోసం కాదండి, పాప కోసం."

కారులో జగన్నాథరావు ఈ సంగతంతా తనలో తాను విచారించి తీర్పు చెప్పేశాడు. లోపం ఉన్నవాడికి లోపం లేదంటుంది, నార్మల్ అని అచ్చువేసిన పిల్లని మళ్ళీ తీసుకురమ్మంటుంది. కొత్తగా పెట్టిన క్లినిక్, మనుషులు రావాలి కదా. ఇంట్లో కోడలితో, "మణికి బాగా తినిపించమన్నారు," అని మాత్రం చెప్పాడు. అది నిజమే. హారతి గురించి ఏమీ చెప్పలేదు. కోడలు అడగలేదు కాబట్టి దాచినట్టు కాదని ఆయన ఉద్దేశం.

సత్యశ్రీ మణిదీప్‌కి రోజూ రెండు గుడ్లు, రావులపాలెం నుంచి తెప్పించిన చక్కెరకేళీలు, పెరుగన్నంలో మీగడ పెట్టడం మొదలుపెట్టింది. వాడు తిన్నాడు. జ్వరం తర్వాతి ఆకలి మామూలు ఆకలి కాదు.

ఒకరోజు సాయంత్రం ఆమె హారతికి జడ వేస్తోంది. "అమ్మా, డాక్టరమ్మ కూడా ఇలాగే జుట్టెత్తి చూసింది," అంది హారతి.

"మణికి చూడ్డానికెళ్తే నీ జుట్టెందుకు చూసింది?"

"ఏమో. నోరు చూసింది. మోచేతులు చూసింది. నిన్ను తీసుకురమ్మంది తాతయ్యని. నా కోసమేనంట."

సత్యశ్రీ జడ సగంలో ఆపింది. హారతి పుట్టినప్పుడు పాదాలు రెండూ ఉబ్బి, బూరెల్లా ఉన్నాయి. ఆసుపత్రిలో అవే తగ్గిపోతాయన్నారు, తగ్గిపోయాయి. తర్వాత ఆ పిల్ల ఎప్పుడూ చురుగ్గానే ఉంది, క్లాసులో మొదటి ఐదుగురిలో ఉంటుంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఎత్తుకుని ముద్దుచేసేవాళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్లని, తొమ్మిదేళ్ళ పిల్లని, పదేళ్ళ పిల్లని అందరూ అంత తేలిగ్గా ఎత్తుకుంటున్నారేంటని ఒకటి రెండుసార్లు అనిపించింది. ఎవరితోనూ అనలేదు. మణి సంగతే ఇంట్లో సరిపోయేది.

జడ పూర్తిచేసి ఆమె వరండాలోకి వెళ్ళింది. జగన్నాథరావు పేపరు చదువుతున్నాడు.

"మావయ్యగారండీ, పాపని తీసుకురమ్మని డాక్టరుగారు చెప్పారంట."

"ఆవిడ అలాగే అంటుంది. పాపకి నార్మల్ వచ్చింది కదమ్మా, నువ్వూ చూశావు."

"చూశానండి. రేపు పాపని తీసుకుని నేను వెళ్తున్నాను. మీరొస్తే కారులో వెళ్తాం, లేకపోతే బస్సులో వెళ్తాం."

ఆమె గొంతు పెంచలేదు. జగన్నాథరావు పేపరు మడిచాడు. ఈ ఇంట్లో ఎవరైనా 'వెళ్తున్నాను' అనడం ఆయన ఈమధ్య వినలేదు. అందరూ 'వెళ్ళమంటారా' అనేవారు.

"కారుంటే బస్సెందుకూ," అన్నాడు.

క్లినిక్‌లో డాక్టరు సత్యశ్రీని చాలాసేపు అడిగింది. సత్యశ్రీ అన్నిటికీ జవాబు చెప్పింది. పాదాల సంగతి చెప్పగానే డాక్టరు తల ఊపి, "అది ముఖ్యమైన సంగతి. గుర్తుపెట్టుకోవడం మంచిదయింది," అంది. తల్లి ఎత్తు కొలిచింది, తండ్రి ఎత్తు అడిగి రాసుకుంది. ఈ ఇద్దరికీ పుట్టిన పిల్ల ఇంత పొట్టిగా ఉండకూడదంది. మొన్న చూసిన థైరాయిడ్ ఇద్దరు పిల్లలకీ బాగానే ఉందంది. హారతికి మాత్రం ఇంకో రక్తపరీక్ష రాసింది. ఇది హార్మోన్ కాదు, కణాల్లో ఉండే క్రోమోజోములని ఒక్కొక్కటీ లెక్కపెట్టి చూసేది. హైదరాబాదులో చేస్తారు, కొన్ని వారాలు పడుతుంది.

హారతి మళ్ళీ చెయ్యి చాపింది. ఈసారి అన్నయ్య లేడు కాబట్టి కొంచెం ఏడ్చింది.

ఫలితం వచ్చాక డాక్టరు పిల్లని బయట నర్సు దగ్గర కూర్చోబెట్టి సత్యశ్రీనీ జగన్నాథరావునీ లోపలికి పిలిచింది.

"ఆడపిల్లలకి ఎక్స్ అనే క్రోమోజోములు రెండుంటాయండి. హారతికి ఒకటే ఉంది. దీన్ని టర్నర్ సిండ్రోమ్ అంటారు. మెడ, మోచేతులు, చెవి పోట్లు, పుట్టినప్పటి పాదాల వాపు, అన్నీ దీని గుర్తులే. మీవల్ల వచ్చింది కాదు, మీరు తిన్నదాని వల్లా, తిననిదాని వల్లా రాలేదు. అలా పుట్టింది, అంతే. ఇలాంటి పిల్లలు చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు. గుండె, కిడ్నీలు స్కాన్ చేసి చూడాలి, చెవులు చూపిస్తూండాలి. అండాశయాలు సాధారణంగా పనిచెయ్యవు. పన్నెండేళ్ళు వచ్చేసరికి దానికి మందులు మొదలుపెడతాం, రజస్వల కావడం కూడా మందులతోనే."

సత్యశ్రీ అడగాల్సిన ప్రశ్న అడిగింది. పిల్లలు పుట్టడం చాలా కష్టమని, మామూలుగా జరగదని డాక్టరు దాచకుండా చెప్పింది.

జగన్నాథరావు జేబులోంచి ఆ పాత కాగితం తీశాడు. మడతలు విప్పి బల్ల మీద పరిచాడు.

"మరి ఇందులో నార్మల్ అని ఉందండి."

"ఉంటుందండి. ఈ పిల్లల్లో చాలామందికి అది నార్మల్‌గానే ఉంటుంది. హార్మోన్ వస్తోంది, లివర్ పని చేస్తోంది. ఎముకలే దానికి సరిగ్గా స్పందించవు. ఈ పరీక్ష ఎముకల్ని చూడదు కదా. ఇది బాగుందంటే పిల్ల బాగా ఎదుగుతోందని అర్థం కాదు."

"మరి దేంతో తెలుస్తుందండి?"

"ఎత్తు కొలిస్తే. ఏడాదికోసారి ఎవరైనా దీన్ని గోడకి నిలబెట్టి కొలిచి ఉంటే ఐదారేళ్ళకే తెలిసేది."

జగన్నాథరావు నర్సరీలో రోజూ వందల మొక్కల ఎత్తు టేపుతో చూస్తాడు. ఆ సంగతి ఆయన చెప్పలేదు.

"వైద్యం ఏంటండి?" అని సత్యశ్రీ అడిగింది.

"గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్. దీనికి లోటు లేకపోయినా పనిచేస్తుంది. మామూలుకంటే ఎక్కువ మోతాదు ఇస్తే ఎముకలు కొంత లేస్తాయి. అందర్లాగా ఎదుగుతుందని చెప్పను. ఇవ్వకపోతే ఎదిగేదానికంటే ఐదారు సెంటీమీటర్లు ఎక్కువ రావచ్చు, ఇంకొంచెం కూడా రావచ్చు. రోజూ సాయంత్రం వెయ్యాలి, కొన్నేళ్ళపాటు. మధ్యమధ్యలో ఈ ఐజీఎఫ్ మళ్ళీ చూస్తాం, మోతాదు హద్దు దాటకుండా. దానికి ఈ పరీక్ష బాగా పనికొస్తుంది."

ఇంటికి వస్తుంటే హారతి వెనక సీట్లో తల్లి ఒళ్ళో నిద్రపోయింది. జగన్నాథరావు ముందు సీట్లో కూర్చుని రోడ్డు చూస్తూ అన్నాడు.

"ఐదారు సెంటీమీటర్లంటే రెండంగుళాలు. ఆడపిల్లకి రెండంగుళాల కోసం రోజూ సూదులంటే..."

"మణికి ఎకరం అమ్ముతానన్నారు కదండి మావయ్యగారూ," అంది సత్యశ్రీ. "వాడికి అవసరం లేకపోయింది. దీనికుంది."

డ్రైవరు అద్దంలోకి చూసి మళ్ళీ రోడ్డు వైపు చూశాడు. కారు వేమగిరి చేరింది. ఆ ఎకరం దారిలోనే ఉంది. దాటుతున్నప్పుడు జగన్నాథరావు అటు చూశాడు.

"ఆ ఇంజెక్షన్ ఎవరు వెయ్యాలంట?" అని అడిగాడు.

బుల్లిరాజు నాగపూర్ నుంచి ఫోన్ చేస్తే సత్యశ్రీ అంతా చెప్పింది. అతను సరే సరే అంటూ విని, చివర్లో, "పాప ఏం చేస్తోంది?" అని అడిగాడు. క్యారమ్స్ ఆడుతోందని చెప్పింది. గెలుస్తోందా అని అడిగాడు. గెలుస్తోందంది. తర్వాత లారీ హారను తప్ప ఏమీ వినపడలేదు.

స్కాన్‌లో హారతి గుండె బాగానే ఉందన్నారు. ఒక కిడ్నీ ఉండాల్సిన ఆకారంలో లేదు గాని పని చేస్తోందన్నారు. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. ముందు సత్యశ్రీ నేర్చుకుంది. పెన్నులాంటి సాధనం, దాంట్లో మందు, చివర వెంట్రుకంత సూది. తొడ మీద చర్మం పట్టుకుని గుచ్చాలి. ఆమె రెండు రోజులు వేసింది, రెండు రోజులూ తర్వాత వంటింట్లోకెళ్ళి నిలబడింది. మూడోరోజు జగన్నాథరావు, "ఇలా ఇయ్యి," అన్నాడు. నలభై ఏళ్ళు గులాబీలకి అంటు కట్టిన చెయ్యి, ఒక్కసారిలో గుచ్చింది. హారతి ఆయన ముఖం వైపు చూసి, "అయిపోయిందా?" అంది. అయిపోయింది. అప్పట్నుంచీ ఆ పని ఆయనదే. మందు ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన ఉండేది, దాని దగ్గర ఎవరూ చెయ్యి పెట్టకూడదని ఆయన ఇంటిల్లిపాదికీ చెప్పాడు. పనిమనిషి లోవమ్మ ఆ ఫ్రిజ్ తెరవడమే మానేసింది.

ఆర్నెల్లకి మణిదీప్ ఐజీఎఫ్ మళ్ళీ చూశారు. నూట డెబ్భై దాటింది. వాడు కండ పట్టాడు, ఎత్తు కూడా ఆ వయసుకి తగినంత వేగంతోనే లేస్తోంది. ఏ పరీక్షా అవసరం లేదంది డాక్టరు. మరుసటి ఏడాది వాడి గొంతు మారింది, ఇంకో రెండేళ్ళకి వాడు తాతని దాటాడు. దాటిన రోజు అద్దం ముందు తాతని పక్కన నిలబెట్టుకుని చూశాడు. జగన్నాథరావు, "సర్లే, చాలు," అన్నాడు.

హారతి మొదటి ఏడాది ఎనిమిది సెంటీమీటర్లు ఎదిగింది. పరికిణీలన్నీ పొట్టయ్యాయి. రెండో ఏడు కొంచెం తగ్గింది. ఒకసారి ఐజీఎఫ్ పై గీత దాటితే డాక్టరు మోతాదు తగ్గించింది. జగన్నాథరావు ఆ మాట విని, "ఎక్కువైనా ఇబ్బందేనాండీ?" అని అడిగాడు. ఇబ్బందేనందామె. క్లాసులో హారతి ఇంకా ముందు వరసలోనే నిలబడేది. కాకపోతే ఇప్పుడు ఆ వరసలో ఇంకో ఇద్దరు కూడా దానంత వాళ్ళున్నారు.

పన్నెండేళ్ళు వచ్చాక ఒకరోజు క్లినిక్‌లో హారతి తాతని ఆపింది. "తాతయ్యా, ఇవాళ మీరు బయట కూర్చోండి. అమ్మ ఉంటుంది."

"ఎందుకే?"

"నాకేముందో నేనడుగుతాను. అందరికీ తెలుసు, నాకు తప్ప."

జగన్నాథరావు డాక్టరు వైపు చూశాడు. ఆమె తలుపు వైపు చూసింది. ఆయన బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. లోపలి మాటలు వినపడలేదు. ఒకసారి సత్యశ్రీ గొంతు, తర్వాత చాలాసేపు డాక్టరు గొంతు, మధ్యలో హారతి ఏదో అడగడం. ఇన్నాళ్ళూ ఆ గదిలో తనకి తెలియకుండా ఒక్క మాటా జరగలేదు. ఇప్పుడు జరుగుతోంది. ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. లేచి తలుపు దగ్గరిదాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

తలుపు తెరుచుకుంది. సత్యశ్రీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. హారతివి కూడా ఉన్నాయేమోనని ఆయన చూశాడు. కొంచెం ఉన్నాయి.

"చెప్పారా అమ్మా?" అన్నాడు.

"చెప్పారు. నాకో ఎక్స్ తక్కువంట. టాబ్లెట్లు మొదలుపెడతారంట." అది చెప్పుల కోసం వెతికి, వేసుకుని, ఆయన చెయ్యి పట్టుకుంది. "నాకు తెలియకూడదని మీరందరూ చాలా మెల్లిగా మాట్లాడుతున్నారు తాతయ్యా. ఇంక మామూలుగా మాట్లాడొచ్చు."

"సరే," అన్నాడు జగన్నాథరావు, మామూలు గొంతు ఎలా ఉంటుందో వెతుక్కుంటూ.

"ఆకలేస్తోంది. పదండి," అంది హారతి.